సాయంకాలం కుళాయి ఎందుకు సన్నగిల్లుతుంది? ఇంజనీరు జాబుకు తెలుగు వివరణ

మన జిల్లాలోని ఒక పురపాలక సంఘం ఇంజనీరు ఇంటింటికీ పంచిన జాబొకటి ఇటీవల నా చేతికి వచ్చింది. ఆ ఊరిలో ఉంటున్న మా దూరపు బంధువు, వరుసకు పెద్దమ్మ, గుమ్మిడిపూండికి పెళ్ళికి వచ్చినప్పుడు దానిని నాలుగు మడతలు పెట్టి తెచ్చింది. "అరవంలో ఉన్నది నాయనా, చదివి చెప్పు. ట్యాంకులో నీళ్ళున్నాయట, కుళాయిలో మాత్రం రావట. ఇదేమి మాట?" అని అడిగింది. ఆ ఇంట అప్పటికే మోటారు కొనడానికి డబ్బు సిద్ధంగా పెట్టుకున్నారు. కొడుకు కొందామంటాడు. జాబులో కొనవద్దని ఉన్నదని పక్కింటి వారంటారు. పక్కింటి వారే రహస్యంగా మోటారు పెట్టుకున్నారని పెద్దమ్మ అనుమానం.

జాబును రెండు సార్లు చదివి ఆమెకు చెప్పాను. చెప్పిన తర్వాత ఈ సంగతి ఆమె ఒక్కతెదే కాదనిపించింది. సరిహద్దు పల్లెలలో, పేటలలో మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఇటువంటి కాగితాలను అందుకుంటాయి. పిల్లలు అరవం చదువగలిగినా, అందులోని సాంకేతిక పదాలు వారికి కొత్త. పెద్దలకు విషయం తెలిసినా అక్షరం తెలియదు. అందువలన ఆ జాబు చెప్పిన సంగతిని మన భాషలో, కొంచెం విడమరచి వ్రాస్తున్నాను.

జాబులోని మాటలు

జాబులో ముఖ్యంగా నాలుగు విషయాలున్నాయి. ఉదయం ట్యాంకు నింపుతున్నామన్నది మొదటిది. సాయంకాలం 6 గంటల నుండి 8 గంటల వరకు వాడకం ఎక్కువగా ఉన్నదన్నది రెండవది. అందుచేత వీధి చివరి ఇళ్ళకు నీటి ఒత్తిడి తగ్గుతున్నదన్నది మూడవది. కుళాయికి నేరుగా మోటారు తగిలించరాదన్నది నాలుగవది.

వాడిన అరవ పదాలు కూడా కష్టమైనవి కావు. 'కుడినీర్' అంటే త్రాగునీరు. 'మేల్‌నిలై నీర్‌త్తేక్కత్ తొట్టి' అంటే స్తంభాలపై కట్టిన ఎత్తు ట్యాంకు. 'నీరళుత్తం' అంటే నీటి ఒత్తిడి. ఇక 'కడైమడై' అనే మాట ఉన్నది. అది మన రైతులకు కొత్త కాదు. కాలువ చివర, నీరు అన్ని పొలాలనూ దాటుకొని ఆఖరున చేరే మడి అది. ఇంజనీరు ఆ మాటను వీధి చివరి ఇళ్ళకు వాడాడు. ఆ ఒక్క మాటలో సగం విషయం ఉన్నది.

పదాలు తెలిసినా పెద్దమ్మ ప్రశ్న మిగిలే ఉన్నది. ట్యాంకులో నీరుండగా కుళాయిలో ఎందుకు రాదు?

ఎత్తే ఒత్తిడి

కుళాయిని తిప్పగానే నీటిని బయటకు నెట్టేది ట్యాంకులోని నీటి పరిమాణం కాదు, ఆ నీరు నిలిచి ఉన్న ఎత్తు. నీటిమట్టం కుళాయి కంటే 10 మీటర్లు ఎత్తున ఉంటే, కుళాయి దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు పడినంత ఒత్తిడి ఉంటుంది. ట్యాంకు వెడల్పు రెట్టింపయినా ఈ ఒత్తిడి పెరగదు. ఎత్తు పెరిగితేనే పెరుగుతుంది. అందుకే ఇంజనీర్లు నీటి ఒత్తిడిని కిలోలలో గాక మీటర్లలో లెక్కిస్తారు. "ఈ వీధిలో 7 మీటర్లున్నది" అంటే, అక్కడి గొట్టానికి నిలువుగా మరొక గొట్టం తగిలిస్తే నీరు 7 మీటర్ల ఎత్తు వరకు ఎక్కి నిలుస్తుందని అర్థం.

ఈ ఒక్క సంగతి తెలిస్తే మన వైపు తరచుగా వినిపించే ఒక ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. గుమ్మిడిపూండి తాలూకాలోని కన్నన్‌కోట్టై, తేర్వాయ్ కండిగై చెరువులను కలిపి కట్టిన జలాశయం 2020 నవంబరులో ప్రారంభమయింది. ఊత్తుకోట్ట దగ్గర సరిహద్దు దాటి వచ్చే కృష్ణా నీటిని మనం ఏళ్ళ తరబడి చూస్తున్నాము. ఇన్ని నీళ్ళు మన పక్కనే ఉండగా సాయంకాలం కుళాయి ఎందుకు ఏడుస్తుందని జనం అడుగుతారు. ఆ జలాశయాలను కట్టినది ప్రధానంగా చెన్నై నగరపు అవసరానికన్నది ఒక సంగతి. ఆ సంగతిని పక్కన పెట్టినా, జలాశయంలోని నీరు మన వీధి కుళాయికి ఒత్తిడినివ్వదు. జలాశయం ఏడాది పొడవునా నీరు ఉంటుందా లేదా అన్నదానిని తేలుస్తుంది. సాయంకాలం 7 గంటలకు బిందె ఎంతసేపటిలో నిండుతుందన్నదానిని తేల్చేవి ఊరి ట్యాంకు ఎత్తు, అక్కడి నుండి మన ఇంటికి వచ్చే గొట్టం లావు, ఆ సమయానికి తెరిచి ఉన్న కుళాయిల సంఖ్య.

గొట్టం తినివేసే ఎత్తు

కుళాయిలన్నీ మూసి ఉన్నప్పుడు గొట్టంలో నీరు కదలదు. అప్పుడు ట్యాంకులోని ఎత్తంతా వీధి చివరి ఇంటికి కూడా పూర్తిగా చేరుతుంది. నీరు కదలడం మొదలుపెట్టగానే గొట్టపు గోడలతో రాపిడి పడుతుంది. ఆ రాపిడికి కొంత ఎత్తు ఖర్చవుతుంది. మిగిలినదే మన కుళాయికి అందుతుంది.

ఇక్కడ గ్రహించవలసిన ముఖ్య విషయం ఒకటి ఉన్నది. ప్రవాహం రెట్టింపయితే రాపిడి నష్టం రెట్టింపుతో ఆగదు, దాదాపు మూడున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. ప్రవాహం మూడు రెట్లయితే నష్టం ఏడున్నర రెట్లు దాటుతుంది. నూరేళ్ళకు పూర్వం హేజెన్, విలియమ్స్ అనే ఇద్దరు అమెరికా ఇంజనీర్లు గొట్టాలలో కొలతలు కొలిచి ఇచ్చిన సూత్రం ఈ లెక్కను చెబుతుంది. మన దేశంలోనూ ఇంజనీర్లు వీధి గొట్టాలకు ఈ సూత్రాన్నే ఎక్కువగా వాడుతారు.

ఒక వీధిని ఊహించుకొని లెక్క వేసి చూద్దాము. ట్యాంకు నుండి ఆ వీధి చివరకు ఒక కిలోమీటరు దూరం. గొట్టం లోపలి వెడల్పు 100 మిల్లీమీటర్లు, అంటే మనం నాలుగంగుళాల గొట్టమనేది. లెక్క తేలికగా ఉండేందుకు ఇళ్ళన్నీ చివరనే ఉన్నాయనుకుందాము. ఉదయం ట్యాంకు నిండినప్పుడు నీటిమట్టం ఆ ఇళ్ళ కుళాయిల కంటే 14 మీటర్లు ఎత్తున ఉన్నది.

మధ్యాహ్నం, ట్యాంకు ఇంకా నిండుగా ఉన్న వేళ, 12 కుళాయిలు తెరిచి ఉన్నాయి. ఒక్కొక్కటి నిమిషానికి 10 లీటర్లు ఇస్తున్నది. గొట్టంలో మొత్తం ప్రవాహం నిమిషానికి 120 లీటర్లు. సూత్రం ప్రకారం కిలోమీటరు దూరంలో రాపిడికి ఖర్చయ్యే ఎత్తు సుమారు 1.1 మీటర్లు మాత్రమే. ఇంకా 12.9 మీటర్లు మిగిలింది. 15 లీటర్ల బిందె నిమిషమున్నరలో నిండుతుంది. మేడమీది కుళాయి కూడా చక్కగా పారుతుంది.

ఇప్పుడు సాయంకాలం 7 గంటలకు రండి. పగటి వాడకం వలన ట్యాంకులో మట్టం 2 మీటర్లు తగ్గి 12 మీటర్లకు వచ్చింది. పొలం నుండి, ఫ్యాక్టరీ షిఫ్టు నుండి, బడి నుండి అందరూ ఇల్లు చేరారు. స్నానాలు, వంట, బట్టలు, రేపటికి నీళ్ళు పట్టుకోవడం, అన్నీ ఒకేసారి మొదలయ్యాయి. 72 కుళాయిలు తెరిచారు. ప్రతి కుళాయీ మునుపటి వలె 10 లీటర్లు ఇవ్వాలంటే గొట్టంలో 720 లీటర్లు పారాలి. అంత పారడానికి ఆ గొట్టం ఒప్పుకోదు. ప్రవాహం 360 లీటర్లకు చేరేసరికే రాపిడి 8.6 మీటర్ల ఎత్తును తినివేస్తుంది. 12 నుండి 8.6 పోగా మిగిలినది 3.4 మీటర్లు. అంత ఎత్తుకు ఒక్కొక్క కుళాయి నిమిషానికి 5 లీటర్లే ఇవ్వగలదు. 72 కుళాయిలకు 5 లీటర్ల చొప్పున సరిగ్గా 360 లీటర్లు. లెక్క అక్కడ నిలిచిపోతుంది.

కుళాయిలు ఆరు రెట్లయితే వచ్చిన నీరు మూడు రెట్లే. బిందె నిండడానికి నిమిషమున్నరకు బదులు మూడు నిమిషాలు. మేడమీది కుళాయి మూడు మీటర్లు ఎత్తున ఉంటే అక్కడికి మిగిలేది అర మీటరు కూడా లేదు. బొట్లు బొట్లుగా కారుతుంది. మిద్దెపై పెట్టిన ప్లాస్టిక్ ట్యాంకుకు ఒక్క చుక్క ఎక్కదు. గమనించండి, ఇంతవరకు ట్యాంకు ఖాళీ కాలేదు. ఎవరూ వాల్వు కట్టివేయలేదు. ఎవరూ నీరు దొంగిలించలేదు.

పెద్దమ్మకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపినప్పుడు ఆమె అన్నమాట నాకు గుర్తున్నది. "అంటే పోరంబోకు దారిలో నాలుగు బండ్లు పోతే తొందరగా పోతాయి, నలభై పోతే ఎవరూ పోలేరు, అంతేనా?" అంతే.

మెల్లగా నిండే బిందె రద్దీని పెంచుతుంది

ఈ రద్దీకి మరొక గుణం ఉన్నది. బిందె నిమిషమున్నరలో నిండితే ఆ కుళాయి నిమిషమున్నరలో మూతపడుతుంది. మూడు నిమిషాలు పడితే మూడు నిమిషాలూ తెరిచే ఉంటుంది. కనుక ఒత్తిడి తగ్గేకొద్దీ తెరిచి ఉన్న కుళాయిల సంఖ్య ఇంకా పెరుగుతుంది. పెరిగేకొద్దీ ఒత్తిడి ఇంకా తగ్గుతుంది. 6 గంటలకు మొదలైన సన్నధార 8 దాటినా కోలుకోకపోవడానికి కారణం ఇది.

అందరూ ఒకే వేళ కుళాయి తిప్పితే ఏమవుతుందో చూపే ఉదాహరణ దూరదేశంలో ఒకటి ఉన్నది. 2010 ఫిబ్రవరి 28న కెనడా, అమెరికా జట్ల మధ్య ఒలింపిక్స్ హాకీ తుదిపోటీ జరిగింది. కెనడాలోని ఎడ్మంటన్ నగరపు నీటి సంస్థ ఆ రోజు వాడకాన్ని గీత గీసి ప్రకటించింది. ఆట సాగుతున్నంతసేపు వాడకం పడిపోయింది. విరామం రాగానే ఒక్కసారిగా లేచింది. ఆట మళ్ళీ మొదలుకాగానే మళ్ళీ పడిపోయింది. నగరమంతా ఒకేసారి లేచి ఒకేసారి కూర్చున్నది. మన వీధులలో రాత్రి సీరియళ్ళ మధ్య ప్రకటనలు వచ్చినప్పుడు జరిగేదీ అటువంటిదే. తేడా ఏమంటే వారి గొట్టాలు ఆ ఉరవడికి తగినంత లావుగా ఉన్నాయి.

ఈ ఉరవడి ఇంజనీర్లకు తెలియనిది కాదు. కేంద్ర ప్రభుత్వపు ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ 1999లో వెలువరించిన నీటి సరఫరా గ్రంథం, 50,000 లోపు జనాభా ఉన్న ఊళ్ళలో గొట్టాలను సగటు వాడకానికి 3 రెట్లు తట్టుకొనేటట్లు వేయాలని చెప్పింది. చివరి ఇంటి దగ్గర కూడా ఒక అంతస్తు ఇళ్ళకైతే 7 మీటర్లు, రెండంతస్తులకైతే 12 మీటర్లు మిగలాలని కూడా చెప్పింది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, గొట్టం వేసిన నాటి ఇళ్ళ సంఖ్యకు ఆ లెక్క సరిపోయింది. తర్వాత ఊరు పెరిగింది. అదే గొట్టానికి కొత్త నగర్‌లు, కొత్త మేడలు తగిలించారు. కొత్త ఇల్లు చివరనే వస్తుంది గనుక కొత్తవారే కడైమడైలో ఉంటారు. మన లెక్కలోని వీధిలో సాయంకాలం మిగిలిన 3.4 మీటర్లు, ఆ గ్రంథం కోరిన దానిలో సగం కూడా కాదు.

మోటారు తగిలిస్తే ఏమవుతుంది?

ఇప్పుడు పెద్దమ్మ ఇంటి అసలు ప్రశ్నకు వద్దాము. అరహార్స్‌పవర్ మోటారు ఒకటి నిమిషానికి 30 లీటర్లు సులభంగా లాగుతుంది. తగిలించిన ఇంటికి వెంటనే హాయి. అందులో సందేహం లేదు. అందుకే ఒకరిని చూసి ఒకరు కొంటారు.

అదే వీధిలో పది ఇళ్ళు మోటార్లు పెట్టాయనుకుందాము. ఆ పదీ కలిసి 300 లీటర్లు లాగుతాయి. గొట్టం ఇంకా 300 లీటర్లు అదనంగా ఇస్తుందా అంటే ఇవ్వదు. ప్రవాహం నిమిషానికి 430 లీటర్లకు చేరితే మొత్తం 12 మీటర్ల ఎత్తునూ రాపిడే మింగివేస్తుంది. ఆ గొట్టం హద్దు అది. కనుక మోటార్లు నడిచినప్పుడు మొత్తం ప్రవాహం 360 నుండి సుమారు 420కి మాత్రమే పెరుగుతుంది. అందులో 300 పది ఇళ్ళకు పోతుంది. మిగిలిన 120 లీటర్లను 72 కుళాయిలు పంచుకోవాలి. ఒక్కొక్కదానికి నిమిషానికి రెండు లీటర్లు కూడా రావు. బిందె నిండడానికి దాదాపు 9 నిమిషాలు. మోటారు కొత్త నీటిని తీసుకురాలేదు, పొరుగింటి బిందెలోని నీటిని తీసుకువచ్చింది.

రెండవ కీడు ఇంకా పెద్దది. గొట్టంలో ఒత్తిడి ఉన్నంతకాలం చిల్లుల నుండి నీరు బయటకు కారుతుందే గాని, బయటి మురికి లోపలికి రాదు. మోటారు పీల్చినప్పుడు ఆ చోట గొట్టంలోని ఒత్తిడి సున్నాకంటే తగ్గుతుంది. అప్పుడు చిల్లు తలక్రిందులుగా పనిచేస్తుంది. వీధి కాలువ పక్కన ఉన్న అతుకు దగ్గర నిలిచిన మురుగు లోపలికి పీల్చబడుతుంది. ట్యాంకు దగ్గర క్లోరిన్ కలిపిన మంచి నీరే బయలుదేరినా, ఇల్లు చేరేసరికి అది మంచి నీరు కాకపోవచ్చు. త్రాగునీటికి మన దేశపు ప్రమాణం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలంటుంది. అంత కొద్ది క్లోరిన్ పెద్దమొత్తంలో వచ్చే మురుగును ఎదుర్కొనలేదు. వానాకాలంలో ఒకే వీధిలో పిల్లలకు వాంతులు, విరేచనాలు కలిగినప్పుడు వైద్యాధికారులు ముందుగా గొట్టపు అతుకులను, మోటార్లను వెదకడానికి కారణం ఇదే.

స్థానిక సంస్థలు ఇటువంటి మోటార్లను జప్తు చేసి కుళాయి కనెక్షన్ తీసివేయడం తమిళనాడులో తరచుగా జరుగుతున్నది. జాబులోని నాలుగవ మాటను ఆ దృష్టితో చదవాలి. అయితే నేలలో తవ్విన సంపులోకి నీరు తనంతట తాను పడిన తర్వాత, ఆ సంపు నుండి మిద్దె మీదికి మోటారుతో ఎక్కించుకోవడం వేరు. అది వీధి గొట్టాన్ని పీల్చదు.

నిజంగా రద్దీయేనా, మరేదైనా తప్పా?

ఇంజనీరు చెప్పిన కారణం ప్రతి ఇంటికీ వర్తించదు. సన్నధారకు వేరే కారణాలూ ఉంటాయి. వాటిని విడదీయడానికి ఒక బిందె, ఒక గడియారం చాలు.

ఒకే బిందెను, ఒకే కుళాయి దగ్గర, కుళాయి పూర్తిగా తిప్పి, నాలుగు వేళల్లో నింపి సెకన్లు వ్రాసుకోండి. తెల్లవారుజామున, మధ్యాహ్నం, రాత్రి 7 గంటలకు, రాత్రి 10 గంటలకు. ఇలా మూడు రోజులు చేయండి. మధ్యాహ్నం బాగుండి, 7 గంటలకు తగ్గి, 10 గంటలకు మళ్ళీ కోలుకుంటే అది రద్దీ. నాలుగు వేళలూ ఒకే రీతిగా సన్నగా ఉండి, పక్కింట బాగుంటే, తప్పు మీ ఇంటి గొట్టంలోనే ఉన్నది. పాత ఇనుప గొట్టంలో పట్టిన తుప్పో, సగం మూసుకున్న స్టాప్‌కాకో, వీధి గొట్టం నుండి మీ ఇంటికి తీసిన రంధ్రంలో చేరిన చెత్తో కావచ్చును. ధార క్రమంగా తగ్గక, ఒక్కసారిగా ఆగి, కుళాయి నుండి గాలి బుసకొడితే ట్యాంకు ఖాళీ అయినట్లు, లేదా వాల్వు మూసినట్లు. వేళతో పని లేకుండా కొత్తగా ఒకనాటి నుండి వీధి అంతటికీ తగ్గి, దారిలో ఎక్కడో నేల ఎప్పుడూ తడిగా ఉంటే అక్కడ గొట్టం పగిలినట్లు. నీరు మట్టిరంగుగా, వాసనతో వస్తే మాత్రం కొలతలు ఆపి ఆ రోజే ఆఫీసుకు తెలియజేయాలి. ఆ నీటిని త్రాగరాదు.

మీటర్లలో తెలుసుకోదలచిన వారికి మరొక మార్గం ఉన్నది. తాపీ మేస్త్రి మట్టం చూసే సన్నని పారదర్శకపు గొట్టాన్ని తీసుకోండి. ఒక చివరను కుళాయి మూతికి నీరు కారకుండా గట్టిగా కట్టండి. రెండవ చివరను గోడ వెంబడి నిలువుగా పైకి తీసుకొనిపోండి. ఇంట్లోని మిగిలిన కుళాయిలన్నీ మూసి, దీనిని మెల్లగా తిప్పండి. నీరు ఎక్కి ఎక్కడ నిలుస్తుందో అక్కడ గోడపై గీత గీయండి. కుళాయి నుండి ఆ గీతకు ఉన్న ఎత్తే ఆ వేళకు మీకు అందుతున్న ఒత్తిడి. మధ్యాహ్నం నీరు గొట్టం పైనుండి పొర్లి పోతుంది. రాత్రి 7 గంటలకు ఛాతీ ఎత్తుకు వచ్చి నిలిస్తే, మిద్దెపై ట్యాంకుకు ఎందుకు ఎక్కడం లేదో వేరే చెప్పనక్కరలేదు. నేను మా బడి పిల్లలతో ఈ పని చేయించాను. పుస్తకంలో 'పీడనం' అన్న పాఠం వారికి ఆనాటితో అర్థమయింది.

ఏమి చేయవచ్చును, ఎంతవరకు?

శాశ్వతమైన మార్గం లావు గొట్టం వేయడమే. నాలుగంగుళాల స్థానంలో ఆరంగుళాల గొట్టం వేస్తే, అదే 360 లీటర్ల ప్రవాహానికి 8.6 మీటర్ల నష్టం 1.2 మీటర్లకు తగ్గుతుంది. వెడల్పు ఒకటిన్నర రెట్లయితే నష్టం ఏడు రెట్లు తగ్గడం ఆశ్చర్యంగా తోచవచ్చును గాని లెక్క అదే. అయితే దానికి వీధి తవ్వాలి, నిధులు కావాలి. గొట్టం లావయితే ట్యాంకు కూడా త్వరగా దిగిపోతుంది. నింపే మోటారు, బావి దానికి తగినట్లు ఉండాలి. మన తీరంలో బావులను ఇష్టం వచ్చినట్లు తోడలేము. మీంజూరు ప్రాంతంలో అతిగా తోడడం వలన సముద్రపు ఉప్పు భూగర్భంలోకి చొచ్చుకువచ్చిన సంగతి మన రైతులందరికీ తెలిసినదే.

అంతవరకు ఆఫీసు చేయగలిగినది వీధులను భాగాలు చేసి, వాల్వులతో వేళలు మార్చి నీరు వదలడం. ఒక వీధికి 5 నుండి 7 వరకు, మరొక వీధికి 7 నుండి 9 వరకు అన్నట్లు. వీధి చేయగలిగినది అదే పనిని వాల్వు లేకుండా చేసుకోవడం. మన లెక్కలోని 72 కుళాయిలలో సగం, అంటే 36, రాత్రి 9 గంటల తర్వాత పట్టుకుంటే ఏమవుతుందో వేసి చూశాను. 7 గంటలకు మిగిలిన 36 కుళాయిల దగ్గర ఒత్తిడి 3.4 మీటర్ల నుండి 7 మీటర్లకు పెరుగుతుంది. బిందె మూడు నిమిషాలకు బదులు రెండు నిమిషాలలో నిండుతుంది. మేడమీది కుళాయి పారుతుంది. ట్యాంకు అంతే, గొట్టం అంతే, మోటారు లేదు. ఒక్క ఇల్లు వేళ మార్చుకుంటే మాత్రం ఆ ఇంటికి మేలు కలుగుతుంది గాని వీధికి తేడా తెలియదు. సగం వీధి కదలాలి.

ఆఫీసుకు అర్జీ వ్రాసేవారికి ఒక మాట. "మా వీధికి నీళ్ళు రావడం లేదు" అని వ్రాస్తే జవాబుగా మళ్ళీ ఇటువంటి జాబే వస్తుంది. దానికి బదులు తేదీలు, వేళలు, బిందె నిండిన సెకన్లు, ట్యాంకు నుండి మీ ఇల్లు ఎంత దూరమో వ్రాయండి. ట్యాంకు దగ్గరి ఇంటిలో అదే వేళకు ఎంతసేపు పట్టిందో పక్కన వ్రాయండి. ఆ రెండు అంకెల మధ్య తేడా గొట్టంలో పోతున్న ఎత్తును సూచిస్తుంది. ఇంజనీరు దానిని చూడగానే గుర్తిస్తాడు. గొట్టం మార్చడానికి పైవారికి ప్రతిపాదన పంపేటప్పుడు ఆయనకు కూడా ఆ కాగితం ఆధారమవుతుంది. అర్జీ తెలుగులో వ్రాసి, కింద అరవంలో కూడా వ్రాయించండి. అంకెలు ఏ భాషలోనైనా ఒక్కటే.

పెద్దమ్మ ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. మూడు రోజులు కొలిచి నాకు ఫోనులో చెప్పింది. మధ్యాహ్నం 95 సెకన్లు, రాత్రి 7 గంటలకు 4 నిమిషాలు దాటింది, 10 గంటలకు 110 సెకన్లు. మోటారు కోసం పెట్టిన డబ్బుతో ఇంటి ముందు నేలమట్టంలో ఒక తొట్టి కట్టించి, మూతవేసి, రాత్రి 9 దాటిన తర్వాత కుళాయి వదిలి పడుకుంటున్నారు. తొట్టి నిండగానే ధార తానే ఆగేటట్లు దానికి ఒక బంతి వాల్వు పెట్టించారు. పక్కింటి వారు మోటారు పెట్టారా లేదా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. వారింటి సెకన్లు కూడా వ్రాయించి, రెండు ఇళ్ళ వారూ కలిసి ఒకే అర్జీ ఇవ్వమని చెప్పాను.